వారంటీలో ఉన్న ఫ్రిజ్ చెడిపోయి డీలరు రోజులు నెడుతుంటే: బిల్లు, సీరియల్ నంబరు, ఫిర్యాదు, ఆ పైమెట్లు

"వస్తువు వారంటీలోనే ఉంది. డీలరు మాత్రం రేపు మాపు అంటున్నాడు. ఎవరిని అడగాలి, ఏ కాగితం చూపించాలి?" ఈ ప్రశ్న ఎన్నో రూపాల్లో వస్తూనే ఉంది కాబట్టి, ఒక ఫ్రిజ్ కథను మొదటి నుంచి చివరి దాకా తీసుకుని, ఏ రోజు ఏం చేయవలసి ఉండిందో, ఏం చేయకపోవడం వల్ల చిక్కు వచ్చిందో వరుసగా రాస్తున్నాను. వాషింగ్ మెషీన్‌కూ ఏసీకీ టీవీకీ పద్ధతి ఇదే. తేడా ఉన్నచోట చెబుతాను.

తిరుపతి కొర్లగుంటలో ఉండే మా వదిన వాళ్లు 2024 జూన్ 14న నగరంలోని ఒక షోరూమ్‌లో రెండు తలుపుల ఫ్రిజ్ కొన్నారు. వారంటీ ఒక ఏడాది, కంప్రెసర్‌కు మాత్రం పదేళ్లు. 2025 మే 26న పై అరలో ఐసు కట్టడం ఆగిపోయింది. కింది అరలో పాలు సాయంత్రానికే విరిగిపోయాయి. మే 28న వదిన షోరూమ్ వాళ్ల నంబరుకు ఫోటోతో వాట్సాప్ పంపితే, "సరే మేడమ్, కంపెనీకి చెబుతాం" అని జవాబు వచ్చింది. ఆ తరువాత మే 31న, జూన్ 5న, జూన్ 11న మా అన్న స్వయంగా వెళ్లినా అదే మాట. జూన్ 13తో వారంటీ తీరిపోయింది. జూన్ 16న వీళ్లే కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేస్తే, "మీ ఉత్పత్తి వారంటీ ముగిసింది, విజిటింగ్ ఛార్జి చెల్లించాలి" అన్నారు. అంతకుముందు వీళ్ల పేరు మీద ఒక్క ఫిర్యాదు కూడా కంపెనీ కంప్యూటర్‌లో లేదు.

మూడుసార్లు షోరూమ్‌కు వెళ్లిన మాట నిజమే. అయితే దానికి రుజువు లేదు. చివరికి పనికి వచ్చింది ఆ ఒక్క వాట్సాప్ సందేశమే.

## 1. ఫోన్ చేయకముందు ఇంట్లోనే చూసుకోవలసినవి

టెక్నీషియన్ వచ్చి "వస్తువులో లోపం లేదు" అని రాసి వెళ్లిపోతే, ఆ కాగితం తరువాతి మెట్లన్నింటిలో మీకు ఎదురు నిలుస్తుంది. అందుకని పది నిమిషాలు పెట్టి చిన్న కారణాలను ముందే తీసివేయండి.

ఫ్రిజ్ విషయంలో చూడవలసినవి నాలుగు. చల్లదనం మీట ఎక్కడ ఉంది? తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ పట్టు సడలిందా? ఒక కాగితాన్ని తలుపులో పెట్టి మూసి లాగితే సులువుగా జారి వస్తే పట్టీ సరిగా లేనట్టే. వెనక గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య కంపెనీ పుస్తకంలో చెప్పినంత ఖాళీ ఉందా? ప్లగ్ పాయింటులో కరెంటు సరిగా వస్తోందా? అదే పాయింటులో వేరే వస్తువు పెట్టి చూస్తే చివరిది తేలిపోతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా చల్లదనం లేకపోతే, ఆ స్థితిని వీడియో తీయండి. వీడియోలో కంప్రెసర్ శబ్దం వినిపించాలి, ఖాళీగా ఉన్న ఐసు ట్రే కనిపించాలి, తీస్తున్న రోజునూ సమయాన్నీ నోటితో చెప్పాలి. శబ్దం వస్తూ చల్లదనం లేకపోతే గ్యాస్ కారిందన్న అనుమానం బలపడుతుంది. అసలు శబ్దమే లేకపోతే కంప్రెసర్‌నో దాని రిలేనో అనుమానించాలి. దీన్ని తేల్చవలసింది టెక్నీషియనే. అయినా అతడు వచ్చిన రోజు వస్తువు ఎలా ప్రవర్తించినా, చెడినప్పుడు ఎలా ఉండిందో మీ దగ్గర ఉంటుంది.

ఒక్క మాట: బయటి మెకానిక్‌ను మాత్రం పిలవకండి. "ఒకసారి చూసి పోతాడు" అని పిలిచిన మనిషి వెనక మూత విప్పితే, అనధికార వ్యక్తి చేయి పెట్టాడన్న కారణంతో వారంటీని నిరాకరించడానికి కంపెనీకి దారి దొరుకుతుంది. దాదాపు ప్రతి వారంటీ కార్డులోనూ ఆ షరతు ఉంటుంది.

## 2. బిల్లు: ఏది చెల్లుతుంది, లేకపోతే ఏం చేయాలి

వారంటీ గడువును లెక్కించేది సాధారణంగా బిల్లు తేదీ నుంచే. బిల్లు లేకపోతే కొన్ని కంపెనీలు సీరియల్ నంబరును బట్టి తయారైన నెలను తీసుకుంటాయి, అప్పుడు గోడౌన్‌లో పడి ఉన్న నెలలు మీ వారంటీలోంచి పోతాయి.

చెల్లే బిల్లు అంటే డీలరు పేరు, చిరునామా, జీఎస్‌టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ, మోడల్, వీలైతే సీరియల్ నంబరు ఉన్న పన్ను బిల్లు. జీఎస్‌టీ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి: ఆంధ్రప్రదేశ్‌కు 37, తమిళనాడుకు 33. చిత్తూరు వాళ్లు వేలూరులోనో చెన్నైలోనో కొనడం మామూలే కాబట్టి ఈ సంగతి చెబుతున్నాను. అక్కడ కొన్నా కంపెనీ వారంటీ దేశమంతటా చెల్లుతుందని కార్డులో ఉంటే, ఇక్కడి సర్వీస్ సెంటరే వచ్చి చూడాలి.

"ఎస్టిమేట్" అని రాసిన తెల్ల కాగితం, "కొటేషన్", చేతిరాత చీటీ ఇవేవీ బిల్లు కావు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మిన వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. పన్ను తగ్గుతుందని ఆశపడి బిల్లు వద్దనుకున్నవారు వారంటీని కూడా వద్దనుకున్నట్టే.

బిల్లు ఉన్నా చాలా చోట్ల అది వేడికి అచ్చయ్యే పలుచని కాగితం మీద ఉంటుంది. బీరువాలో పెట్టిన ఏడాదికి తెల్లకాగితమై బయటికి వస్తుంది. కొన్న రోజే జెరాక్స్ తీయండి, ఫోటో తీసి మీకు మీరే ఈమెయిల్ పంపుకోండి.

బిల్లు పోతే ఇలా వెతకండి:

- షోరూమ్‌లో మీ ఫోన్ నంబరు చెప్పి నకలు బిల్లు అడగండి. కంప్యూటర్ బిల్లు అయితే మళ్లీ అచ్చు తీయడం కష్టం కాదు. దాని మీద సంతకం, ముద్ర వేయించుకోండి.
- ఈఎంఐ మీద కొని ఉంటే ఫైనాన్స్ కంపెనీ అప్పు కాగితాల్లో బిల్లు నంబరు ఉంటుంది, ఒక్కోసారి సీరియల్ నంబరు కూడా ఉంటుంది.
- యూపీఐ లేదా కార్డుతో చెల్లించి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ తేదీ, ఆ మొత్తం దొరుకుతాయి. ఇది బిల్లుకు బదులు కాదు, నకలు బిల్లు ఇవ్వడానికి డీలరు మొండికేసినప్పుడు కొన్నామనడానికి సాక్ష్యం.
- ఆన్‌లైన్‌లో కొంటే మీ ఖాతాలోని పాత ఆర్డర్లలో బిల్లు దించుకోవచ్చు. బిల్లు మీద ఉన్న అమ్మకందారు పేరును కూడా రాసుకోండి, ఎందుకంటే వెబ్‌సైటు వేరు, అమ్మినవాడు వేరు కావచ్చు.

## 3. సీరియల్ నంబరు: చిన్న స్టిక్కరు, పెద్ద చిక్కు

మోడల్ నంబరు ఒకే రకం వస్తువులన్నింటికీ ఒకటే. సీరియల్ నంబరు మీ ఇంట్లో ఉన్న ఆ ఒక్క వస్తువుదే. టోల్‌ఫ్రీలో "మోడల్ చెప్పండి, సీరియల్ చెప్పండి" అని రెండూ అడిగేది అందుకే.

ఫ్రిజ్‌కు ఈ స్టిక్కరు ఎక్కువగా లోపలి పక్కగోడ మీద, కూరగాయల డబ్బా దగ్గర ఉంటుంది. కొన్నింటికి వెనక వైపు ఉంటుంది. వాషింగ్ మెషీన్‌కు తలుపు తెరిస్తే కనిపించే అంచు మీదనో వెనకనో చూడండి. టీవీకి వెనక ఉంటుంది, సెట్టింగుల్లో కూడా కనిపిస్తుంది. స్ప్లిట్ ఏసీకి లోపలి యూనిట్‌కు ఒక నంబరు, బయటి యూనిట్‌కు మరొకటి. రెండూ ఫోటో తీయాలి.

చూసి రాసుకోకండి, ఫోటో తీయండి. సున్నాకూ ఓ అక్షరానికీ, ఎనిమిదికీ బి అక్షరానికీ తేడా తెలియక ఫోన్లో తప్పు చెబితే, "ఈ నంబరు మా దగ్గర లేదు" అన్న జవాబు వస్తుంది. తడి గుడ్డతో రోజూ తుడిచే చోట ఉన్న స్టిక్కరైతే రెండేళ్లలో అక్షరాలు చెరిగిపోతాయి.

ఇక అసలు చిక్కు బిల్లు మీద ఒక సీరియల్, వస్తువు మీద మరొకటి ఉండడం. షోరూమ్‌లో చూపించిన వస్తువుకు బిల్లు వేసి, గోడౌన్ నుంచి అదే మోడల్‌లో వేరేది పంపితే ఇది జరుగుతుంది. డీలరు మోసం చేశాడనే అనుకోనక్కరలేదు, పండగ అమ్మకాల రద్దీలో పొరపాటూ కావచ్చు. అయినా వారంటీ వేళ వచ్చిన టెక్నీషియన్ "బిల్లు ఈ వస్తువుది కాదు" అని వెనక్కి వెళ్లగలడు. వస్తువు ఇంటికి వచ్చిన రోజే పెట్టె మీది స్టిక్కరు, వస్తువు మీది స్టిక్కరు, బిల్లు మూడూ పోల్చండి. తేడా ఉంటే, "ఫలానా బిల్లు కింద ఫలానా సీరియల్ వస్తువును అందజేశాం" అని డీలరు చేత బిల్లు వెనకనే రాయించి, సంతకం, ముద్ర తీసుకోండి.

మా వదిన బిల్లులో సీరియల్ నంబరు గడి ఖాళీగా ఉండింది. జూన్ 17న మా అన్న వెళ్లి దాన్ని చేతితో రాయించి ముద్ర వేయించుకు వచ్చాడు. వారంటీ సంగతి ఎత్తకుండా అదొక్కటే అడిగాడు కాబట్టి రెండు నిమిషాల్లో పని అయింది. ఎత్తి ఉంటే ఆ రోజు ముద్ర దొరికేది కాదని నా అనుమానం.

## 4. వారంటీ కార్డులో చదవవలసిన మూడు చోట్లు

మొదటిది, దేనికి ఎన్నేళ్లు. తలుపు మీద "10 సంవత్సరాల వారంటీ" అని పెద్ద స్టిక్కరు ఉన్నా, అది ఎక్కువగా కంప్రెసర్ అనే ఒక్క భాగానికే. మిగతా భాగాలకు ఏడాది. ఏడాది దాటాక కంప్రెసర్ ఉచితంగా మార్చినా, గ్యాస్ నింపడానికి, కూలికి, రవాణాకు డబ్బు అడగవచ్చని చాలా కార్డుల్లో ఉంటుంది.

రెండవది, ఎక్కడ వాడితే చెల్లదు. ఇంటి వాడకానికి ఇచ్చిన వారంటీ దుకాణంలోనో లాడ్జిలోనో మెస్సులోనో వాడితే వర్తించదని రాసి ఉంటుంది. తిరుపతిలో ఇది చాలామందికి తగిలే షరతు. టీ కొట్టుకు ఇంటి ఫ్రిజ్ కొన్నవారు దీన్ని ముందే చదువుకోవాలి. చట్టం వేరే ఉంది: స్వయం ఉపాధితో జీవనం కోసం కొన్నవారిని చట్టం వినియోగదారులుగానే చూస్తుంది, లాభం కోసం పెద్ద ఎత్తున వాడేవారిని చూడదు. కాబట్టి టీ కొట్టు మనిషికి వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉన్నా, కార్డులోని షరతు మాత్రం అడ్డు నిలుస్తుంది.

మూడవది, కరెంటు. "వోల్టేజి హెచ్చుతగ్గుల వల్ల పాడైంది" అన్నది నిరాకరణకు తరచుగా వినిపించే కారణం. మీ ఫ్రిజ్ స్టెబిలైజర్ లేకుండా ఏ వోల్టేజి నుంచి ఏ వోల్టేజి దాకా పనిచేస్తుందో కంపెనీయే పుస్తకంలో రాసి ఉంటే, ఆ పేజీ ఫోటో దగ్గర పెట్టుకోండి. టెక్నీషియన్ వోల్టేజి అంటే, మీటరు పెట్టి కొలిచిన అంకెను, ఏ భాగం కాలిందో కూడా తాను రాసి ఇచ్చే జాబ్ షీట్ మీద రాయమనండి. కొలవకుండా చెప్పిన కారణానికి బలం తక్కువ. గ్యాస్ కారిన ఫ్రిజ్‌కు వోల్టేజిని కారణంగా చూపడం కూడా కష్టమే, ఎందుకంటే కారేది గొట్టం, కాలేది సర్క్యూటు.

## 5. ఫిర్యాదును కంపెనీ కంప్యూటర్‌లోకి ఎక్కించడం

డీలరుకు చెప్పడం తప్పు కాదు, చెప్పి ఊరుకోవడమే తప్పు. లోపం కనిపించిన రోజే కంపెనీ టోల్‌ఫ్రీకో యాప్‌కో వాట్సాప్‌కో ఫిర్యాదు ఇచ్చి, కంప్లైంట్ నంబరు తీసుకోండి. ఆ నంబరుతో వచ్చిన ఎస్‌ఎంఎస్‌లో తేదీ ఉంటుంది. వారంటీ లోపల ఫిర్యాదు నమోదైతే, రిపేరు వారంటీ దాటాక జరిగినా బాధ్యత కంపెనీదే అని చెప్పడానికి ఆ తేదీయే ఆధారం. గడువు దగ్గర పడుతున్నప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఫోన్లో ఇవి వరుసగా చెప్పండి: బిల్లు తేదీ, మోడల్, సీరియల్, లోపం ఏమిటి, ఎప్పటి నుంచి. "చల్లగా లేదు" అనడం కంటే "మే 26 నుంచి పై అరలో ఐసు కట్టడం లేదు, కంప్రెసర్ శబ్దం వస్తోంది" అంటే వచ్చే మనిషి సరైన సామానుతో వస్తాడు. "మీ రికార్డులో వారంటీ ఎప్పటి వరకు కనిపిస్తోంది?" అని కూడా అడగండి. డీలరు అమ్మకాన్ని కంపెనీలో నమోదు చేయకపోతే అక్కడ తప్పు తేదీ ఉంటుంది. బిల్లు పంపి అప్పుడే సరిచేయించుకోవచ్చు.

టెక్నీషియన్ వచ్చినప్పుడు పొరపాటు జరిగేది రెండు చోట్ల.

జాబ్ షీట్ లేకుండా పంపేయడం ఒకటి. కాగితం లేకపోతే అతడి ఫోన్‌లోని నమోదును ఫోటో తీసుకోండి. అందులో లోపం ఏమిటో, ఏ భాగం కావాలో, ఎన్ని రోజుల్లో వస్తుందో ఉండాలి.

పని పూర్తి కాకముందే ఓటీపీ చెప్పేయడం రెండవది. చాలా కంపెనీల్లో ఫిర్యాదు మూసేయడానికి మీ ఫోన్‌కు ఒక కోడ్ వస్తుంది. "పార్టు రావాలి సార్, ఇప్పటికి కోడ్ చెప్పండి, మళ్లీ తెరుస్తాం" అంటే చెప్పకండి. కోడ్ చెప్పిన క్షణం కంపెనీ లెక్కలో మీ ఫ్రిజ్ బాగైనట్టే. చెప్పకుండానే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని సందేశం వస్తే, ఆ రోజే "పరిష్కారం కాలేదు" అని జవాబు పంపి, పాత నంబరును పేర్కొంటూ ఫిర్యాదును మళ్లీ తెరిపించండి.

## 6. డీలరు జాప్యం చేస్తే: రోజుల వారీ మెట్లు

డీలరు ఎందుకు నెడతాడో అర్థం చేసుకుంటే కోపం తగ్గుతుంది, పని జరుగుతుంది. మరమ్మతు చేసేది అతడు కాదు, కంపెనీ సర్వీస్ సెంటర్. అతడి వద్ద విడిభాగాలు ఉండవు. అయినా అమ్మినవాడు అతడే కాబట్టి చట్టం ముందు అతడూ బాధ్యుడే. అందుకని అతడితో పోట్లాడకుండానే, ప్రతి మాటనూ రాతలోకి మార్చడం మీ పని. షోరూమ్‌కు వెళ్లి వచ్చిన ప్రతిసారీ, "ఈ రోజు ఉదయం మీ షోరూమ్‌కు వచ్చాను, శుక్రవారం లోపల మనిషిని పంపుతామన్నారు" అని అదే వాట్సాప్ నంబరుకు పంపండి. వాళ్లు జవాబు ఇవ్వకపోయినా ఆ సందేశం మీ వైపు నిలుస్తుంది.

మూడు రోజుల తరువాత: ఎవరూ రాకపోతే అదే కంప్లైంట్ నంబరు మీద మళ్లీ ఫోన్ చేసి, పై అధికారికి బదిలీ చేయమని అడగండి. కొత్త ఫిర్యాదు పెట్టకండి. కొత్త నంబరు వస్తే మీ తేదీ కూడా కొత్తదవుతుంది.

వారం తరువాత: కంపెనీ వెబ్‌సైటులో ఉన్న కస్టమర్ కేర్ ఈమెయిల్‌కు రాయండి. ఫోన్ల కంటే ఒక ఈమెయిల్ విలువైనది. నమూనా ఇది:

> విషయం: వారంటీ ఫిర్యాదు, ఫ్రిజ్ మోడల్ ..., సీరియల్ ..., కంప్లైంట్ నంబరు ...
>
> పై ఫ్రిజ్‌ను ... తేదీన ... డీలరు వద్ద బిల్లు నంబరు ... ద్వారా కొన్నాను. ... తేదీ నుంచి చల్లదనం లేదు. ... తేదీన డీలరుకు, ... తేదీన మీకు తెలియజేశాను. నేటి వరకు మరమ్మతు జరగలేదు. ఈ లేఖ అందిన 7 రోజుల లోపల ఉచితంగా బాగుచేయాలని, సాధ్యం కాకపోతే వస్తువును మార్చి ఇవ్వాలని కోరుతున్నాను. బిల్లు, సీరియల్ స్టిక్కరు, సందేశాల నకళ్లు జతపరిచాను.

దూషణ వద్దు, సొంత కష్టాల కథ వద్దు. తేదీలు, నంబర్లు, అడిగేది ఏమిటో, ఎన్ని రోజుల్లోనో అంతే.

పదిహేను రోజుల తరువాత: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు. 8800001915కు వాట్సాప్ చేయవచ్చు, consumerhelpline.gov.in లో కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. మీకు ఒక డాకెట్ నంబరు వస్తుంది, ఫిర్యాదు కంపెనీకి వెళుతుంది. గుర్తుంచుకోవలసింది ఏమంటే, ఇది కోర్టు కాదు. కంపెనీని ఆదేశించే అధికారం దీనికి లేదు. ఇక్కడ ఫిర్యాదు పెట్టినంత మాత్రాన చట్టంలోని గడువు ఆగదు కూడా. అయినా కంపెనీల్లో ఈ ఫిర్యాదులను చూసే మనుషులు వేరే ఉంటారు కాబట్టి ఇక్కడే తేలిపోయేవి చాలా ఉంటాయి.

నెల దాటితే: డీలరుకూ కంపెనీకీ ఇద్దరికీ నోటీసు, స్పీడ్ పోస్టులో, అందిన రుజువుతో. వకీలు చేత రాయించవచ్చు, మీరే రాయవచ్చు. పదిహేను రోజుల గడువు ఇచ్చి, తీరకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళతామని రాయండి. పోస్టు రసీదును ఫైలులో పెట్టండి.

## 7. వదిన వాళ్ల ఫ్రిజ్‌కు ఏం జరిగింది

జూన్ 17న ఈమెయిల్ వెళ్లింది, దానికి మే 28 నాటి వాట్సాప్ సందేశం, షోరూమ్ జవాబు జతపరిచారు. వాదన ఒక్కటే: అమ్మిన డీలరుకు వారంటీ లోపలే తెలిపాం, అతడు మీకు చేర్చకపోవడం మా తప్పు కాదు. జూన్ 20న టెక్నీషియన్ వచ్చి గ్యాస్ కారిందని జాబ్ షీట్ రాశాడు. కంప్రెసర్ బాగానే ఉంది, అంటే పదేళ్ల స్టిక్కరు ఇక్కడ పనికి రాదు. గ్యాస్‌కు, కూలికి దాదాపు నాలుగు వేలు అవుతుందన్నాడు. వదిన డబ్బు ఇవ్వలేదు, కోడ్ చెప్పలేదు, జాబ్ షీట్ మాత్రం ఉంచుకుంది.

జూన్ 27న 1915కు ఫిర్యాదు. జూలై 8న కంపెనీ నుంచి ఫోన్: ఉచితంగా చేస్తాం. జూలై 10న గొట్టం అతికి గ్యాస్ నింపారు. ఆగస్టు 2న మళ్లీ అదే వరుస.

చాలామంది ఇక్కడ నిస్పృహ పడతారు, కానీ అసలు బలం వచ్చేది ఇక్కడే. ఒకే లోపం రెండోసారి వచ్చిందంటే, మరమ్మతుతో తీరని తయారీ లోపం ఉందనడానికి రెండు జాబ్ షీట్లూ సాక్ష్యం. కమిషన్‌లో తయారీ లోపాన్ని రుజువు చేయమన్నప్పుడు నిపుణుడి నివేదిక అడగవచ్చు. కంపెనీ సొంత మనిషి రాసిన జాబ్ షీట్లు ఉంటే పని చాలా వరకు తేలికవుతుంది. ఆగస్టు 18న ఇద్దరికీ నోటీసు వెళ్లింది, ఈసారి మరమ్మతు కాదు, వస్తువు మార్పిడి అడిగారు. సెప్టెంబరు 6న వేరే ఫ్రిజ్ వచ్చింది.

## 8. నోటీసుకూ కదలకపోతే: కమిషన్

వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి. తిరుపతిలో ఒకటి, చిత్తూరులో ఒకటి ఉన్నాయి. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. ఫ్రిజ్ చెన్నైలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా చెన్నైకి పోనక్కరలేదు. ధర 5 లక్షల వరకు ఉంటే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. e-jagriti.gov.in ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

గడువు రెండేళ్లు, ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి. మధ్యలో ఎన్ని ఈమెయిళ్లు నడిచినా ఆ గడువు పెరగదు.

డీలరునూ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి. ఒకరినే పెడితే ఆ ఒకరు రెండో వారిని చూపిస్తారు. నోటీసు అందాక ప్రతివాదికి జవాబు ఇవ్వడానికి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు. పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలల్లో, ప్రయోగశాల పరీక్ష కావలసినదాన్ని ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పట్టవచ్చునని లెక్క వేసుకోండి. లోపం సరిచేయడం, వస్తువు మార్చడం, ధర వాపసు, నష్టపరిహారం, ఖర్చులు వీటిలో ఏది కావాలో ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. ఎనిమిది వేల వస్తువుకు ఐదు లక్షల పరిహారం అడిగితే మీ మాట బరువు తగ్గుతుంది.

ఫైలులో, తేదీల వరుసలో ఉండవలసినవి:

- బిల్లు, వారంటీ కార్డు రెండు వైపులా
- సీరియల్ స్టిక్కరు ఫోటో
- డీలరుకు పంపిన సందేశాలు, వారి జవాబులు
- కంప్లైంట్ నంబర్ల ఎస్‌ఎంఎస్‌లు, జాబ్ షీట్లు
- ఈమెయిళ్లు, 1915 డాకెట్ నంబరు
- నోటీసు నకలు, పోస్టు రసీదు, అందిన రుజువు
- లోపం చూపే వీడియో ఉన్న పెన్‌డ్రైవ్

## 9. వస్తువు మార్చి ఇచ్చినప్పుడు

కొత్త ఫ్రిజ్ లోపలికి రాగానే పాతది లారీ ఎక్కించేస్తారు, ఆ హడావిడిలో కాగితం మరచిపోతారు. కొత్త వస్తువుకు కొత్త సీరియల్ ఉంటుంది, మీ బిల్లులో మాత్రం పాతదే ఉంటుంది. మళ్లీ ఏదైనా చెడితే మూడో భాగంలో చెప్పిన చిక్కే తిరిగి వస్తుంది.

కాబట్టి పాత వస్తువు గడప దాటకముందే, పాత సీరియల్, కొత్త సీరియల్, మార్చిన తేదీ, కొత్త వస్తువుకు వారంటీ ఎప్పటి వరకు ఉంటుందో రాసిన లేఖ కంపెనీ నుంచి తీసుకోండి. కొత్తగా ఏడాది ఇస్తారా, పాత వారంటీలో మిగిలినదే ఇస్తారా అన్నది కార్డును బట్టి మారుతుంది. వదిన వాళ్ల పాత వారంటీలో మిగిలింది ఏమీ లేదు. అందుకని ఆ లేఖలో "6-9-2025 నుంచి ఒక ఏడాది" అని రాయించుకున్న తరువాతే పాత ఫ్రిజ్‌ను కిందికి దించనిచ్చింది. లారీ డ్రైవరు గంటన్నర వీధిలోనే నిలబడ్డాడు, రెండుసార్లు టీ కూడా పంపారు.